ప్రవాసుల ఆస్తి: పొలం కుదరదు, ఫ్లాటు సరే, రసీదు తప్పనిసరి

కూతురి పెళ్లిలో పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇస్తానని మాటిచ్చిన తండ్రి ఒకాయన, ఆ మాటను ఐదేళ్ల తర్వాత నిలబెట్టుకున్నాడనుకుందాం. అప్పటికి కూతురు భర్తతో న్యూజెర్సీలో ఉంటోంది. సెలవులకు వచ్చినప్పుడు వెంటబెట్టుకెళ్లి గిఫ్టు డీడు రాయించాడు. స్టాంపు డ్యూటీ కట్టారు, సాక్షులు సంతకాలు పెట్టారు, కొన్నాళ్లకు పట్టాదారు పాసుబుక్ కూడా చేతికొచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అయినా ఆ దస్తావేజు విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. అదే రెండెకరాలు పెళ్లినాడు, ఆమె ఇంకా ఇక్కడే ఉండగా రాసి ఉంటే ఏ చిక్కూ లేదు. ఇప్పుడు రాయకుండా వీలునామాలో పెట్టి ఉంచినా చిక్కు లేదు.

తెలుగు కుటుంబాల్లో ఇంటికొకరు చొప్పున విదేశాల్లో ఉంటున్న ఈ కాలంలో ఇలాంటి దస్తావేజులు తక్కువేమీ కాదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి అంతా సక్రమమే అని అందరూ అనుకుంటారు. సబ్ రిజిస్ట్రారు చూసేది స్టాంపు డ్యూటీ, గుర్తింపు పత్రాలు, నిషేధిత జాబితా. కొనేవాడు, పుచ్చుకునేవాడు ఫెమా ప్రకారం అర్హుడా కాదా అని తేల్చడం ఆయన పని కాదు. ఆ ప్రశ్న ఎప్పుడో పదేళ్ల తర్వాత ఆస్తి అమ్మి డబ్బు బయటికి పంపుదామని బ్యాంకుకు వెళ్లిన రోజు ఎదురవుతుంది.

ఫెమా 1999లో వచ్చిన చట్టం, 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రవాసులు ఇక్కడ స్థిరాస్తి కొనడం, అమ్మడం గురించిన నియమాలు ఇప్పుడు 2019 అక్టోబరులో కేంద్రం జారీ చేసిన నిబంధనల్లో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన మాట ఒక్కటే: ప్రవాస భారతీయుడు గానీ ఓసీఐ కార్డు ఉన్నవారు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల భూమి తప్ప మిగతా ఏ స్థిరాస్తినైనా రిజర్వు బ్యాంకు అనుమతి అడగకుండానే కొనుక్కోవచ్చు. ఫ్లాటు, ఇల్లు, ఇళ్ల స్థలం, దుకాణం, ఆఫీసు గది, అన్నీ సరే. ఎన్ని కొనాలన్న దానికి పరిమితి లేదు. ప్రవాసులు రెండు ఇళ్లకు మించి కొనకూడదని చాలామంది నమ్ముతారు. రెండు అన్న అంకె నిబంధనల్లో ఉంది గానీ అది కొనడానికి కాదు, అమ్మిన డబ్బు వెనక్కి తీసుకెళ్లడానికి. దాని సంగతి తర్వాత.

ముందు ప్రవాసి అంటే ఎవరన్నది తేలాలి. ఆదాయపు పన్ను వాళ్లు రోజులు లెక్కబెడతారు. ఫెమా ముఖ్యంగా వెళ్లిన ఉద్దేశాన్ని చూస్తుంది. ఉద్యోగానికో వ్యాపారానికో విమానం ఎక్కినవాడు ఆ రోజు నుంచే ప్రవాసి. చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థుల్ని కూడా ప్రవాసులుగానే చూడాలని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. అంటే డాలస్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టరులో ఉన్న కుర్రాడు, ఇంకా రూపాయి సంపాదించకపోయినా, ఫెమా లెక్కలో ప్రవాసే. వాడి పేరిట తండ్రి ఊరి పక్కన అరెకరం కొంటే అది అనుమతి లేని కొనుగోలే. పాస్‌పోర్టు మార్చుకుని అమెరికా పౌరుడైనవారికి ఓసీఐ కార్డు ఉంటే చాలు, ఇంచుమించు ప్రవాస భారతీయుడికి ఉన్న హక్కులే ఉంటాయి. ఓసీఐ గానీ, భారత పౌరసత్వం గానీ లేని విదేశీ కోడలో అల్లుడో ఉంటే, వివాహం రిజిస్టరై, కొనే నాటికి కనీసం రెండేళ్లు నిరంతరాయంగా కొనసాగి ఉంటే, భర్త లేదా భార్యతో ఉమ్మడిగా ఒకే ఒక్క ఆస్తి కొనుక్కోవచ్చు. అందులోనూ పొలం ఉండకూడదు.

పొలం దగ్గర చట్టం ఇంత పట్టుగా ఎందుకుందో ఊహించడం కష్టం కాదు. విదేశీ సొమ్ముతో సాగుభూమి చేతులు మారకూడదన్నది దాని ఉద్దేశం. అయితే వారసత్వాన్ని మాత్రం ఆపలేదు. ఇక్కడ నివసించే తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా గానీ, వీలునామా ద్వారా గానీ పొలం వస్తే ప్రవాసి దాన్ని ఉంచుకోవచ్చు. విదేశాలకు వెళ్లకముందు తానే కొనుక్కున్నదైనా ఉంచుకోవచ్చు. కుదరనివి కొనుగోలు, గిఫ్టు. పసుపు కుంకుమ కథలో తండ్రికి ఉన్న సురక్షితమైన దారి వీలునామా రాసి రిజిస్టరు చేయించడమే. ఆయన బతికినన్నాళ్లూ భూమి ఆయన పేరిటే ఉంటుంది, ఆ తర్వాత కూతురికి చట్టబద్ధంగా వస్తుంది. ఈ మాట చెప్పే దస్తావేజు లేఖరి అరుదు. గిఫ్టు డీడు రాస్తే పని అయిపోతుంది, వీలునామా అంటే చావు మాట ఎత్తినట్టుంటుందని ఇంట్లోవాళ్లూ మొహమాటపడతారు.

గిఫ్టుగా ఫ్లాటు ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ఇచ్చేవారు బంధువై ఉండాలి, ఆ బంధువు ఎవరన్నదానికి కంపెనీల చట్టంలోని జాబితాను తీసుకున్నారు. అందులో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. తాతయ్య, అమ్మమ్మ, మేనమామ పేర్లు లేవు. ఒకే హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులైతే తప్ప, తాత తన ఫ్లాటును సిడ్నీలోని మనవడికి గిఫ్టు రాయడం నిబంధనలో ఇమడదు. మన బంధుత్వాల లెక్కకు ఇది వింతగానే ఉంటుంది.

వారసత్వంగా వచ్చిన పొలం అమ్ముకునేటప్పుడూ ఒక హద్దుంది. కొనేవాడు ఇక్కడ నివసించే భారతీయుడే కావాలి. కృష్ణా జిల్లాలో నాలుగెకరాలు వారసత్వంగా వచ్చిన అన్నదమ్ములిద్దరూ అమెరికాలో ఉంటే, తమ్ముడి వాటాను అన్న డబ్బిచ్చి కొనలేడు. పరాయివాడికి అమ్మొచ్చు, సొంత అన్నకు అమ్మకూడదు. అన్న స్థిరపడటానికి తిరిగి వచ్చేసి, ఇక్కడి నివాసి అయిన తర్వాతైతే ఆ అడ్డంకి తొలగిపోతుంది.

హైదరాబాద్ నుంచి శంకరపల్లి, చేవెళ్ల, షాద్‌నగర్ దిక్కుకు ప్రయాణిస్తే రోడ్డు పొడవునా ఫామ్ ప్లాట్ల బోర్డులు కనిపిస్తాయి. ఐదు గుంటలు, పది గుంటలు, చుట్టూ కంచె, డ్రిప్పు, శ్రీగంధం మొక్కలు, వారాంతంలో వచ్చి ఉండటానికి చిన్న కాటేజీ. ప్రకటనల్లో ప్రవాసుల పేరు తప్పకుండా ఉంటుంది. గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఒక ఎకరం. ధర గజాల్లో చెబుతారు కాబట్టి ఇళ్ల స్థలమే అనిపిస్తుంది. కానీ నేల నాలా కింద వ్యవసాయేతర భూమిగా మారకపోతే అది పొలమే. మొక్కలు నాటితే తోట, కాటేజీ కడితే ఫామ్‌హౌస్. నిషేధించిన మూడూ ఒకే గేటు లోపల దొరుకుతాయన్నమాట.

గుర్తుపట్టడానికి తెలంగాణలో ఒక తేలికైన ఆనవాలుంది. ఇక్కడ వ్యవసాయ భూములను తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రారుగా రిజిస్టరు చేస్తారు, ఇళ్లూ ప్లాట్లూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అవుతాయి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా ఈ విభజన అలాగే ఉంది. "స్లాటు తహసీల్దారు ఆఫీసులో బుక్ చేశాం సార్, పాసుబుక్ కూడా వస్తుంది" అని ఏజెంటు ఫోన్‌లో సంబరంగా చెబితే, ప్రవాసి అయిన కొనుగోలుదారుడు అక్కడే ఆగిపోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పొలాలు కూడా సబ్ రిజిస్ట్రారు దగ్గరే అవుతాయి కాబట్టి ఆ ఆనవాలు పనిచేయదు. అక్కడ అడంగల్, వన్‌బీలో భూమి ఎలా నమోదైందో, లేఅవుట్‌కు అనుమతి ఎవరిచ్చారో చూడాలి. హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ వంటి సంస్థల ఆమోదమున్న లేఅవుట్‌లో ఇళ్ల స్థలమైతే భయం లేదు.

తెలియక కొనేసినవాళ్ల మాటేమిటి? ఫెమా కింద జరిమానా ఉల్లంఘన విలువకు మూడు రెట్ల దాకా వెళ్లొచ్చు. ఆచరణలో ఎక్కువమంది తమంతట తామే రిజర్వు బ్యాంకు ముందుకు వెళ్లి తప్పు ఒప్పుకుని, రాజీ రుసుం కట్టి బయటపడతారు. కాంపౌండింగ్ అనే ఈ ప్రక్రియకు దరఖాస్తు రుసుమే 10,000 రూపాయలు, నిర్ణయించిన మొత్తం వేరు. అయితే ముందు తప్పును సరిదిద్దుకోవాలి. అంటే ఆ పొలాన్ని అర్హత ఉన్న నివాసికి అమ్మేయాలి, లేదా బదిలీ చేయాలి. పొలం ఉంచుకుని జరిమానా మాత్రం కట్టి పోదామంటే సాగదు.

ఇక డబ్బు. ఆస్తి ధర మూడు దారుల్లో చెల్లించవచ్చు: విదేశం నుంచి బ్యాంకు ద్వారా నేరుగా వచ్చిన సొమ్ము, ఎన్‌ఆర్‌ఈ లేదా ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతా, ఎన్‌ఆర్‌ఓ ఖాతా. ఎన్‌ఆర్‌ఈలోకి వచ్చేది విదేశీ సంపాదన, అక్కడి నుంచి ఎప్పుడైనా వెనక్కి పంపొచ్చు. ఎఫ్‌సీఎన్‌ఆర్ అంటే డాలర్లలోనో పౌండ్లలోనో ఉండే డిపాజిట్. ఎన్‌ఆర్‌ఓలో ఇక్కడి అద్దె, కౌలు, డివిడెండు వంటివి పడతాయి. డాలరు నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు చెల్లవు. హవాలా సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు ఇబ్బంది ఈ మూడింటిలోనూ లేని నాలుగో దారితో వస్తుంది. కొడుకు అమెరికా నుంచి నాన్న సేవింగ్స్ ఖాతాకు డబ్బు పంపుతాడు, నాన్న బిల్డరుకు చెక్కిస్తాడు, ఫ్లాటు కొడుకు పేరిట రిజిస్టరవుతుంది. ఇంట్లో అందరికీ అది కొడుకు డబ్బే. బ్యాంకు కాగితాల్లో మాత్రం అది నాన్న ఖాతా నుంచి వెళ్లిన రూపాయలు. పదేళ్ల తర్వాత "ఈ ఫ్లాటుకు విదేశీ మారకద్రవ్యం చెల్లించినట్టు రుజువేది?" అని బ్యాంకు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఇంకో అలవాటు, దేశం విడిచి వెళ్లినా పాత సేవింగ్స్ ఖాతాను అలాగే వాడుకోవడం. దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవడం నియమం. గృహరుణం ఈఎంఐ ఏళ్ల తరబడి ఆ పాత ఖాతా నుంచే కడుతున్నవాళ్లు ఎందరో. రుణం తీసుకోవడంలో తప్పు లేదు, ఇక్కడి బ్యాంకుల నుంచి రూపాయల్లో తీసుకోవచ్చు. ఈఎంఐని ఎన్‌ఆర్‌ఈ నుంచి గానీ, ఎన్‌ఆర్‌ఓ నుంచి గానీ, ఆ ఇంటి అద్దె నుంచి గానీ కట్టొచ్చు. ఎన్‌ఆర్‌ఈ నుంచి కట్టిన ఈఎంఐలు విదేశీ సొమ్ముతో కట్టినవాటి కిందికే వస్తాయి.

మన దగ్గర స్థిరాస్తి అంటే వైటు, బ్లాకు అనే మాట రాక తప్పదు. కోటి రూపాయల ఇంటిని దస్తావేజులో 60 లక్షలుగా రాసి మిగతా 40 లక్షలు నగదుగా ఇమ్మనే అమ్మకందార్లు ఉన్నారు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఆ సంగతి అలా ఉంచినా, ప్రవాసికి ఇది రెండుసార్లు నష్టం. కాగితం మీద లేని 40 లక్షలు కొన్న ధరలో కలవవు కాబట్టి అమ్మినప్పుడు లాభం అంత ఎక్కువగా కనిపించి పన్ను పడుతుంది. అమ్మినప్పుడు తానూ నగదు పుచ్చుకుంటే ఆ నోట్లు ఏ బ్యాంకు దారిలోనూ దేశం దాటవు.

ఇప్పుడు ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. మనుషులు కల్పితం, లెక్కలు నిజమైన రేట్లతో వేసినవే. తెనాలి వైపు నుంచి వెళ్లి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక ఇంజినీరు 2015లో కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 60 లక్షలైంది. అందులో 45 లక్షలు ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి, 15 లక్షలు ఊళ్లోని ఇంటి అద్దెలు జమైన ఎన్‌ఆర్‌ఓ నుంచి కట్టాడు. 2025 చివర్లో 1.40 కోట్లకు అమ్మకం కుదిరింది. కొనేది హైదరాబాద్‌లోనే ఉండే కుటుంబం.

వాళ్లు ముందు చేయబోయిన పని ఒక శాతం టీడీఎస్ కోయడం. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఆస్తిని ఇక్కడి నివాసి దగ్గర కొంటే అంతే కోస్తారు. అమ్మేవాడు పన్ను చట్టం ప్రకారం ప్రవాసి అయితే ఆ నిబంధన వర్తించదు. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఆస్తి కాబట్టి దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, ఆ పైన 4 శాతం సెస్సు కోయాలి. 2024 జులై 23 తర్వాత జరిగే అమ్మకాలకు ఇదే రేటు. అంతకుముందు కొన్న ఆస్తులకు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం రేటును ఎంచుకునే వీలు ఇక్కడి నివాసులకే మిగిల్చారు, ప్రవాసులకు లేదు. తక్కువ కోస్తే బాధ్యత కొన్నవాళ్ల మీద పడుతుంది. అందుకే ఈ విషయం తెలిసిన కొనుగోలుదారుడు ప్రవాసి ఫ్లాటు అంటే కాస్త వెనకాడతాడు.

నిజమైన లాభం 80 లక్షలు. పన్ను పది లక్షలు, ఆదాయం 50 లక్షలు దాటి కోటి లోపు ఉంది కాబట్టి పది శాతం సర్‌చార్జీ లక్ష, సెస్సు 44 వేలు. మొత్తం 11.44 లక్షలు. అయితే కొనేవాడికి మన ఇంజినీరు లాభం ఎంతో అధికారికంగా తెలియదు. ఎవరూ చెప్పకపోతే అతను జాగ్రత్త కోసం మొత్తం 1.40 కోట్ల మీద, కోటి దాటింది కాబట్టి 15 శాతం సర్‌చార్జీ వేసి, 14.95 శాతం కోస్తాడు. అది 20.93 లక్షలు. తేడా దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. మరుసటి ఏడు రిటర్ను వేసి, ఎప్పుడొస్తుందో తెలియని రిఫండ్ కోసం ఎదురుచూడాలి.

దీనికి విరుగుడు తక్కువ కోత సర్టిఫికెట్. ఫారం 13 అనే దరఖాస్తును అమ్మేవాడు ఆన్‌లైన్‌లో పెట్టి, కొన్న దస్తావేజు, చెల్లింపుల రుజువులు, అమ్మకం ఒప్పందం జతచేస్తే, పన్ను అధికారి లెక్క చూసి ఎంత కోయాలో రాసిస్తారు. దీనికి కొన్ని వారాలు పడుతుంది. చాలామంది జారిపోయేది సమయం విషయంలోనే. టీడీఎస్ రిజిస్ట్రేషన్ రోజున మాత్రమే కోసేది కాదు, అడ్వాన్సు మీద కూడా కోయాలి. సర్టిఫికెట్ చేతికి రాకముందే పెద్ద మొత్తం అడ్వాన్సుగా తీసుకుంటే అంతమేరకు ఎక్కువ కోత పడిపోయినట్టే. మన ఇంజినీరు కొద్దిపాటి బయానాతో ఆగి, సర్టిఫికెట్ వచ్చాకే మిగతాది తీసుకున్నాడు. 11.44 లక్షలు పోను 1.2856 కోట్లు చేతికొచ్చాయి. ఫారాల నంబర్లు గుర్తుంచుకునేవారికి ఒక మాట: 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్లూ, ఫారాల పేర్లూ మారతాయి. అందువల్ల ఆ తర్వాతి అమ్మకాలకు పాత నంబర్లు పట్టుకుని వెతకడం దండగ.

ఈ 1.28 కోట్లు డాలస్ చేరేది ఎలా? రెండు దారులున్నాయి. ఇక్కడే రెండు అన్న ఆ పాత అంకె వస్తుంది. ఆస్తిని చట్టప్రకారం కొని, ధరను విదేశీ మారకద్రవ్యంతో, అంటే ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్ లేదా నేరు చెల్లింపుతో కట్టి ఉంటే, అమ్మిన డబ్బును వెనక్కి పంపొచ్చు. నివాస గృహాలైతే ఈ సౌకర్యం రెండింటికే. దుకాణాలకు, ఆఫీసులకు ఆ అంకె వర్తించదు. ఎంత పంపొచ్చన్న దగ్గర పాత నిబంధనలు మొదట కట్టిన మొత్తం వరకే అని స్పష్టంగా గీత గీశాయి. ఆ వాక్యం ఇప్పటి నిబంధనల్లో లేదు. అయినా చాలా బ్యాంకులు పాత జాగ్రత్తనే పాటిస్తూ, మొదట ఎన్‌ఆర్‌ఈ నుంచి వచ్చినంతే తిరిగి ఎన్‌ఆర్‌ఈకి వేసి, మిగతాది ఎన్‌ఆర్‌ఓలో పడేస్తాయి. మన ఇంజినీరు విషయంలో 45 లక్షలు అలా ఎన్‌ఆర్‌ఈకి వెళ్లాయి.

మిగిలిన 83.56 లక్షలకు రెండో దారి. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోని సొమ్మును, పన్నులు కట్టాక, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపొచ్చు. వారసత్వంగా వచ్చిన ఇల్లైనా, పొలమైనా అమ్మిన డబ్బుకు కూడా ఇదే దారి. పది లక్షల డాలర్లంటే ఎనిమిది కోట్ల రూపాయల పైమాటే. ఒక ఫ్లాటో, నాలుగెకరాలో అమ్ముకునే కుటుంబానికి ఆ గీత అడ్డు రాదు. కాబట్టి రెండు ఇళ్ల నియమం, పది లక్షల పరిమితి అంటూ జనం భయపడే వాటికన్నా, సామాన్య ప్రవాసి డబ్బును ఇక్కడ ఇరికించేది కాగితం లేకపోవడమే. జూబ్లీహిల్స్‌లో ఇరవై కోట్ల బంగళా వారసత్వంగా వచ్చినవారికైతే ఆ గీత నిజమైన అడ్డు. ఏటా కొంత పంపుకుంటూ పోవాలి, లేదా రిజర్వు బ్యాంకును ప్రత్యేకంగా అడగాలి.

పంపే రోజున బ్యాంకు అడిగేవి ఇవి. కొన్న దస్తావేజు, అమ్మిన దస్తావేజు, కొన్నప్పుడు ఏ ఖాతా నుంచి ఎంత కట్టారో చూపే స్టేట్‌మెంట్లు, పన్ను కట్టిన రుజువు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం, పంపేవాడి ప్రకటన. చివరి రెండింటినీ ఇన్నేళ్లుగా 15సీబీ, 15సీఏ అని పిలుస్తున్నారు. వారసత్వ ఆస్తి అయితే వీలునామా గానీ, వారసత్వ ధ్రువపత్రం గానీ కావాలి. ఈ పట్టికలో దొరకనిది ఏమిటో చూస్తేనే తెలిసిపోతుంది: పదేళ్ల కిందటి ఖాతా స్టేట్‌మెంట్. బ్యాంకులు విలీనమై, శాఖలు మారి, పాత రికార్డులు ఎక్కడికో చేరి ఉంటాయి. సొమ్ము విదేశం నుంచి నేరుగా వచ్చి ఉంటే బ్యాంకు ఇచ్చే ఇన్‌వార్డ్ రెమిటెన్స్ పత్రం కావాలి. అది వచ్చిన వారంలో అడిగితే తేలిక, పదేళ్ల తర్వాత అడిగితే బ్యాంకులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మారుమూల పొలం అమ్మకానికి ఒక ఊరటా, ఒక తలనొప్పీ ఉన్నాయి. మున్సిపాలిటీ హద్దుకు నిర్ణీత దూరం అవతల ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు, కాబట్టి లాభం మీద పన్ను ఉండదు. పట్టణ జనాభాను బట్టి ఆ దూరం రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్లు. తలనొప్పి ఏమిటంటే, ఆ సంగతి కొనేవాణ్ని, బ్యాంకునూ నమ్మించడం. దూరం గురించి తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం, సాగు రికార్డులు అమ్మకానికి ముందే తీసి పెట్టుకున్నవారికి పని నడుస్తుంది.

అమెరికాలో ఉన్నవారికి అక్కడి లెక్క కూడా ఉంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ సాధారణంగా మినహాయింపు దొరుకుతుంది గానీ, అమ్మకాన్ని అక్కడి రిటర్నులో చూపడం మాత్రం తప్పదు. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ వంటి విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ రోజైనా పదివేల డాలర్లు దాటితే విడిగా తెలియజేయాలి. పది లక్షల డాలర్ల దారిని దాటుకొచ్చి, ఈ చిన్న ఫారం దగ్గర దొరికిపోవడం విచారకరం.

ఇవన్నీ ప్రవాసి ఇక్కడ లేకుండా జరిపించాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. విదేశంలో సంతకం చేసిన పత్రాన్ని భారత కాన్సులేటులో ధ్రువీకరించుకోవాలి, లేదా నోటరీ, అపోస్టిల్ చేయించాలి. భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటిపోవడం మామూలు. ఏ ఫ్లాటు, ఏ పని అన్నది రాసిన ప్రత్యేక పత్రం సరిపోయే చోట, అన్ని అధికారాలూ రాసిచ్చే జీపీఏ ఇవ్వడం అనవసరపు తెగింపు. బావమరిదికైనా సరే.

ఇప్పటికే ఇక్కడ ఫ్లాటు ఉన్న ప్రవాసులు అమ్మే ఆలోచన లేకపోయినా ఈసారి సెలవుల్లో ఒక పని చేయాలి. కొన్నప్పటి ఖాతా స్టేట్‌మెంట్లు, రెమిటెన్స్ పత్రాలు, దస్తావేజు, బిల్డరు రసీదులు బ్యాంకు ముద్రతో తీసుకుని స్కాన్ చేయించి రెండు చోట్ల దాచుకోవాలి. పొలం గిఫ్టుగా పుచ్చుకున్నవారు, ఫామ్ ప్లాటు కొన్నవారు మాత్రం సెలవుల దాకా ఆగకుండా ఫెమా తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును ఇప్పుడే కలవడం మంచిది.